67 నిమిషాలు ఆగిన రిజిస్ట్రేషన్, ఆ తర్వాత క్లయింట్‌కి మేం రాసిన మెయిల్

గోదావరి జిల్లాల్లో 14 కలెక్షన్ సెంటర్లున్న ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి మా కంపెనీ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. పేషెంట్ కౌంటర్ దగ్గర పేరు చెప్పిన దగ్గర్నుంచి బిల్లు, ట్యూబుకి అంటించే బార్‌కోడ్ లేబుల్, సాయంత్రం రిపోర్టు వరకు అన్నీ అందులోనే జరుగుతాయి. జూన్‌లో ఒక బుధవారం ఉదయం 6:31 నుంచి 7:38 దాకా ఏ సెంటర్‌లోనూ రిజిస్ట్రేషన్ జరగలేదు. ఆ టైంలో వచ్చేవాళ్లు ఎక్కువగా ఫాస్టింగ్ షుగర్ వాళ్లు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి బెంచీల మీద కూర్చుని ఉన్నారు, స్క్రీన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే, తర్వాత క్లయింట్‌కి మెయిల్ రాసిందీ నేనే. ఆ మెయిల్‌కి మూడు డ్రాఫ్టులు పట్టాయి. ఎక్కడ తప్పు రాశానో, దాన్ని ఎలా సరిచేసుకున్నానో అర్థం కావాలంటే ముందు ఆ ఉదయం లోపల ఏం జరిగిందో చెప్పాలి.

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఆ ఉదయం మేం ఒక చిన్న మార్పు పంపాం. ఇంటికి వెళ్లి శాంపుల్ తీసే పేషెంట్లను విడిగా గుర్తించడానికి `test_orders` అనే టేబుల్‌కి ఒక కొత్త కాలమ్. వెర్షన్ 11 నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ఇలా స్థిరమైన డిఫాల్ట్‌తో కాలమ్ చేర్చడం మిల్లీసెకన్ల పని, టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. టెస్ట్ సర్వర్‌లో రెండుసార్లు చేసి చూశాం, రెప్పపాటులో అయిపోయింది. కానీ పని ఎంత చిన్నదైనా, అది జరిగే క్షణంలో ఆ టేబుల్ మీద ఇంకెవరూ ఉండకూడదు. చదివేవాళ్లు కూడా. దానికోసం కాలమ్ చేర్చే `ALTER TABLE` కమాండ్ ఒక పూర్తి తాళం అడుగుతుంది. ఎవరైనా ముందే ఆ టేబుల్‌ని వాడుతుంటే వాళ్ల ట్రాన్సాక్షన్, అంటే వాళ్లు మొదలుపెట్టిన పని, ముగిసేదాకా ఆగుతుంది.

ముందురోజు సాయంత్రం 7:12కి మా సపోర్ట్ టీంలో ఒకబ్బాయి ఒక పాత ఆర్డర్ వెతకడానికి ఆఫీసు డెస్క్‌టాప్ నుంచి అదే టేబుల్ మీద క్వెరీ కొట్టాడు. అతను వాడే టూల్‌లో ఆటో కమిట్ ఆఫ్‌లో ఉంది, అంటే పని ముగిసిందని విడిగా కమిట్ కొడితే తప్ప ట్రాన్సాక్షన్ మూసుకోదు. క్వెరీ సెకనులో వచ్చేసింది, కావాల్సింది చూసుకున్నాడు, మానిటర్ ఆపి ఇంటికెళ్లాడు. డెస్క్‌టాప్ మాత్రం రాత్రంతా ఆన్‌లోనే ఉంది. కమిట్ అవ్వలేదు కాబట్టి ఆ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంది. డేటాబేస్ దృష్టిలో అతను ఇంకా ఆ టేబుల్ చదువుతూనే ఉన్నాడు. రాత్రంతా దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. చదవడానికి పట్టుకున్న తాళం ఇతరులు చదవడానికీ రాయడానికీ అడ్డుపడదు కదా.

6:31కి మా `ALTER TABLE` వచ్చి అతని వెనక నిలబడింది. ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. పోస్ట్‌గ్రెస్‌లో తాళాలకి క్యూ ఉంటుంది. పూర్తి తాళం అడిగినవాడు క్యూలో నిలబడ్డాక, తర్వాత వచ్చిన ప్రతి చిన్న క్వెరీ, మామూలుగా ఎవరికీ అడ్డురానిదైనా సరే, అతని వెనకే ఆగాలి. అంటే మా `ALTER` ఒక్క అక్షరం కూడా మార్చకుండానే, కేవలం క్యూలో నిలబడి ఉండటంవల్ల, 14 సెంటర్లూ ఆగిపోయాయి. డేటాబేస్‌తో మాట్లాడటానికి అప్లికేషన్ వాడుకునే 80 కనెక్షన్లూ కొద్ది నిమిషాల్లో ఆ క్యూలో చిక్కుకున్నాయి. ఆ టేబుల్‌తో సంబంధం లేని లాగిన్ పేజీ కూడా తెరుచుకోలేదు, ఎందుకంటే దానికి ఇవ్వడానికి కనెక్షన్ మిగల్లేదు.

ఇది మాకు వెంటనే తెలియాల్సింది. తెలియలేదు. మా మానిటరింగ్ నిమిషానికోసారి `/health` అనే అడ్రస్‌ని అడుగుతుంది. ఆ పేజీ డేటాబేస్‌ని తాకకుండానే బాగున్నానని జవాబిస్తుంది. డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంది. 6:38కి కాకినాడ సెంటర్ నుంచి సపోర్ట్ నంబర్‌కి ఫోన్ చేశారు. మా లైన్ 8 గంటలకి మొదలవుతుంది, ఎవరూ ఎత్తలేదు. 6:44కి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 6:52కి దాన్ని చూసిన మా మనిషి డాష్‌బోర్డ్ పచ్చగా ఉంది కదా అని, మీ ఇంటర్నెట్ అయ్యుంటుంది, రూటర్ ఒకసారి ఆపి వేయండి అన్నారు. 7:01కి మరో రెండు సెంటర్లు అదే మాట చెప్పాక నాకు ఫోన్ వచ్చింది. 7:09కి లాగిన్ అయ్యాను.

నేను మొదట చేసింది తప్పు. యాప్ ఇరుక్కుందనుకుని 7:14కి రీస్టార్ట్ చేశాను. యాప్ ఆగిపోయినా, డేటాబేస్ లోపల దాని తరఫున తాళం కోసం ఎదురుచూస్తున్న ప్రాసెస్‌లకి ఆ సంగతి తెలియదు, అవి అలాగే నిలబడి ఉంటాయి. కొత్తగా లేచిన యాప్ మళ్లీ 80 కనెక్షన్లు అడిగింది. డేటాబేస్‌కి మొత్తం ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో చెప్పే మా `max_connections` 100. అప్పటిదాకా తిరుగుతున్న స్క్రీన్లు ఇప్పుడు ఎర్రర్లు చూపించడం మొదలుపెట్టాయి. లాగ్ నిండా ఒకటే లైను:

```
FATAL:  remaining connection slots are reserved for roles with the SUPERUSER attribute
```

అదృష్టంకొద్దీ పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్ కోసం 3 కనెక్షన్లు పక్కన పెడుతుంది. వాటిలో ఒకదానితో 7:20కి లోపలికి వెళ్లి ఇది కొట్టాను:

```sql
SELECT pid, state, pg_blocking_pids(pid) AS blockers,
       now() - xact_start AS age, left(query, 40) AS q
FROM pg_stat_activity
WHERE state <> 'idle'
ORDER BY xact_start;
```

జవాబు చదవడం తెలిస్తే కథ మొత్తం అందులోనే ఉంది. కింద పదుల కొద్దీ వరుసల్లో `blockers` దగ్గర ఒకే నంబర్, అది `ALTER` ది. `ALTER` వరుసలో ఇంకో నంబర్. ఆ నంబర్ పట్టుకుని పైకి వెళ్తే మొదటి వరుసలో `idle in transaction`, వయసు 12 గంటల పైన. 7:27కి ముందు `ALTER`ని రద్దు చేశాను. రాత్రి నుంచి ఉన్న సెషన్‌ని ముందు చంపితే `ALTER` ముందుకెళ్లి పని పూర్తిచేసేది, అదీ పనిచేసేదే. కానీ క్యూ పెరుగుతున్నప్పుడు టేబుల్ మార్చే పని ఇంకా కొనసాగనివ్వడం కన్నా దాన్ని తప్పించడమే నాకు క్షేమం అనిపించింది. ఒక్క సెకనులో క్యూ ఖాళీ అయింది. 7:31కి పాత సెషన్‌ని `pg_terminate_backend`తో మూసేశాను. అలా ఊరికే తెరిచి ఉన్న సెషన్ మీద `pg_cancel_backend` పనిచేయదు, రద్దు చేయడానికి నడుస్తున్న క్వెరీ ఏదీ ఉండదు. 7:38కి అన్ని సెంటర్లూ లేబుల్ ప్రింట్ అవుతోందని చెప్పాయి.

మేం అక్కడితో అయిపోయిందనుకున్నాం. 10:40కి రాజమండ్రి సెంటర్ ఇన్‌ఛార్జ్ ఫోన్ చేసి, ఒకామె పేరున పెండింగ్ లిస్టులో మూడు ఆర్డర్లు కనిపిస్తున్నాయండీ, ట్యూబు ఒక్కటే ఉంది, ఏం చేయమంటారు అని అడిగింది. నా గుండె ఆగినంత పనైంది. ల్యాబ్‌లో ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్లడం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

జరిగింది ఇది. స్క్రీన్ తిరుగుతున్నప్పుడు కౌంటర్ వాళ్లు పేజీ రిఫ్రెష్ చేసి మళ్లీ సేవ్ నొక్కారు. ప్రతి నొక్కుడూ ఒక ఇన్సర్ట్‌గా, అంటే కొత్త ఆర్డర్ రాసే ఆదేశంగా, క్యూలో చేరింది. 7:27కి దారి తెరుచుకోగానే, యాప్ ఎప్పుడో వదిలేసిన ఆ ఇన్సర్ట్‌లు కూడా నడిచి కమిట్ అయిపోయాయి. మా కోడ్‌లో ఆ సేవ్ ఒకే స్టేట్‌మెంట్, చుట్టూ ట్రాన్సాక్షన్ లేదు. ఉండుంటే, అవతల మనిషి లేడని తెలిసి పోస్ట్‌గ్రెస్ దాన్ని వెనక్కి తీసుకునేది. తర్వాత కౌంటర్ వాళ్లు కాగితం మీద రాసుకున్నవి మళ్లీ ఎక్కించారు. లెక్క తేలేసరికి 29 మంది పేషెంట్ల పేరున 43 అదనపు ఆర్డర్లు.

రిపోర్టులు తారుమారయ్యే అవకాశం ఉందా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చాం. బార్‌కోడ్ లేబుల్ సేవ్‌కి జవాబు వచ్చాకే ప్రింట్ అవుతుంది. ఈ 43 ఆర్డర్లకి జవాబు అందుకునేవాళ్లే లేరు, కాబట్టి లేబుల్ ప్రింట్ అవ్వలేదు, ప్రింట్ టైం ఉండాల్సిన కాలమ్ ఖాళీగా ఉంది. లేబుల్ లేకపోతే ట్యూబు లేదు, ట్యూబు లేకపోతే మెషీన్ నుంచి రిజల్ట్ రాదు. 43నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాం. మధ్యాహ్నం 1:15కి వాటిని రద్దు చేసి ఆ 29 పేర్లూ సెంటర్లకి పంపాం.

ఇప్పుడు మెయిల్ సంగతి.

ఆ సాయంత్రమే ఒక డ్రాఫ్ట్ రాశాను. మొదటి వాక్యం ఇది: "ఈరోజు ఉదయం కొన్ని సాంకేతిక కారణాల వల్ల సేవల్లో స్వల్ప అంతరాయం ఏర్పడింది." చదివి తలదించుకున్నాను. గంటకు పైగా ఖాళీ కడుపుతో కూర్చున్న మనిషికి అది స్వల్పం కాదు. టైంలైన్ 7:01తో మొదలుపెట్టాను, అంటే నాకు ఫోన్ వచ్చిన టైం. దానికి ముందున్న 30 నిమిషాలు మెయిల్‌లో లేవు. కావాలని దాచలేదు, నా దృష్టిలో ఘటన నాకు తెలిసినప్పుడే మొదలైంది. కానీ చదివేవాళ్ల వాట్సాప్‌లో 6:44 మెసేజ్ ఉంది. టైంలైన్ మొదటి లైనే తప్పుగా ఉంటే ఆ తర్వాత రాసినవేవీ వాళ్లు నమ్మరు.

రెండో డ్రాఫ్ట్‌లో కారణం దగ్గర తడబడ్డాను. "మా సిబ్బందిలో ఒకరు డేటాబేస్ సెషన్ మూయకపోవడం వల్ల" అని రాశాను. అది నిజమే, కానీ కారణం అది కాదు. ఆ అబ్బాయి చేసిన పని మా ఆఫీసులో ఎవరైనా ఏ రోజైనా చేయగలిగింది. దానికి 14 సెంటర్లు ఆగిపోయేలా సిస్టం ఉండటం మా తప్పు. పైగా అలా రాస్తే నివారణ కూడా "సిబ్బందికి జాగ్రత్తలు చెప్పాం" దగ్గరే ఆగిపోతుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. వాళ్లు బయటపెట్టిన వివరణలో అతని పేరు లేదు. బ్యాకప్‌లు ఎందుకు పనికిరాకుండా పోయాయో వివరంగా రాశారు. నేను మళ్లీ కూర్చున్నప్పుడు ఆ పద్ధతే పట్టుకున్నాను.

ఎవరికి రాస్తున్నానో కూడా ఆలోచించాను. మెయిల్ వెళ్లేది వాళ్ల ఆపరేషన్స్ చూసే మేడం గారికి. ఆవిడ దాన్ని 14 మంది ఇన్‌ఛార్జ్‌లకి పంపుతారు, పైన డాక్టర్ గారికి చూపిస్తారు. అందుకే తెలుగులో రాశాను. సబ్జెక్ట్‌లో ముందు పోస్ట్‌మార్టం అని పెట్టి, తీసేశాను. మా ఫీల్డ్‌లో అది రోజూ వాడే మాటే, కానీ వైద్యంలో ఉన్నవాళ్లకి అది వేరే అర్థం.

గురువారం సాయంత్రం పంపిన మెయిల్ ఇది. సెంటర్ల వివరాలున్న చివరి పట్టిక మాత్రం వదిలేశాను.

సబ్జెక్ట్: బుధవారం ఉదయం రిజిస్ట్రేషన్ ఆగిన ఘటనపై పూర్తి వివరణ

మేడం గారికి నమస్కారం.

బుధవారం ఉదయం 6:31 నుంచి 7:38 వరకు, 67 నిమిషాల పాటు, మీ 14 సెంటర్లలో ఎక్కడా రిజిస్ట్రేషన్ జరగలేదు. దీనికి కారణం మా వైపు నుంచే. మీ సెంటర్ల ఇంటర్నెట్‌లో గానీ, మీ సిబ్బంది వాడిన తీరులో గానీ ఏ లోపమూ లేదు. 6:52కి రూటర్ ఆపి వేయమని మేం చెప్పింది తప్పు సలహా. ఖాళీ కడుపుతో వచ్చిన పేషెంట్లకీ, వాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చిన మీ కౌంటర్ సిబ్బందికీ క్షమాపణ చెబుతున్నాం.

మీరు బుధవారం ఫోన్‌లో అడిగిన రెండు ప్రశ్నలకి ముందుగా జవాబు. ఇది హ్యాకింగ్ కాదు. ఆగడానికి కారణమైన రెండు పనులూ మా ఆఫీసు నుంచే జరిగాయి, రెండింటి రికార్డూ మా దగ్గర ఉంది. ఏ రిపోర్టూ తారుమారు కాలేదు. 29 మంది పేషెంట్ల పేరున 43 అదనపు ఆర్డర్లు పడ్డాయి. వాటిలో ఒక్కదానికీ బార్‌కోడ్ లేబుల్ ప్రింట్ కాలేదు కాబట్టి ఏ ట్యూబూ వాటికి జత కాలేదు. అన్నీ ఒక్కొక్కటిగా చూసి బుధవారం 1:15కి రద్దు చేశాం. పేర్ల జాబితా జత చేశాం. ఒక్క పని మీ వైపు మిగిలింది: ఆ ఉదయం కాగితం మీద రాసి తర్వాత ఎక్కించిన ఫాస్టింగ్ శాంపుళ్లకి సిస్టంలో ఉన్న టైం అసలు తీసిన టైం కాదు, ఎక్కించిన టైం. కాగితాల్లోని టైం పంపితే మేమే సరిచేస్తాం.

ఏం జరిగింది: మీ ఆర్డర్లన్నీ ఒక పెద్ద రిజిస్టర్‌లో ఉంటాయనుకోండి. అందులో ఒకేసారి చాలామంది చదవచ్చు, రాయచ్చు. కానీ కొత్త గడి గీయాలంటే ఒక్క క్షణం అందరూ చేతులు తీయాలి. బుధవారం ఉదయం మేం ఒక కొత్త గడి గీయబోయాం. ముందురోజు సాయంత్రం నుంచి మా ఆఫీసు కంప్యూటర్ ఒకటి ఆ రిజిస్టర్ మీద చెయ్యి తీయకుండా ఉంది. గడి గీసే పని దానికోసం ఆగింది. ఆ వెనక వచ్చిన మీ రిజిస్ట్రేషన్లన్నీ గడి గీసే పని కోసం ఆగాయి.

అసలు కారణాలు మావి మూడు. గడి గీసే పని ఎంతసేపైనా ఆగి ఉండేలా వదిలేశాం, దానికి గడువు పెట్టలేదు. సిస్టం పనిచేస్తోందా లేదా అని చూసే మా అలారం రిజిస్ట్రేషన్ జరుగుతోందో లేదో చూడదు, అందుకే మీరు చెప్పేదాకా మాకు తెలియలేదు. మీ సెంటర్లు ఏప్రిల్ నుంచి 6 గంటలకే తెరుస్తున్నాయని మీరు చెప్పినా, మార్పులు పంపే టైమూ, సపోర్ట్ లైన్ టైమూ మేం మార్చుకోలేదు.

టైం వారీగా:

మంగళవారం 7:12 సా. మా ఆఫీసు కంప్యూటర్ నుంచి ఒక సెషన్ తెరిచి, మూయలేదు.
6:31 మార్పు మొదలైంది. అప్పటి నుంచి రిజిస్ట్రేషన్ ఆగింది.
6:38 కాకినాడ సెంటర్ ఫోన్ చేసింది. మేం ఎత్తలేదు.
6:44 గ్రూపులో మెసేజ్.
6:52 మేం చూశాం. రూటర్ అని తప్పుగా చెప్పాం.
7:01 మరో రెండు సెంటర్ల నుంచి ఫిర్యాదు. ఇంజినీర్‌కి ఫోన్.
7:14 అప్లికేషన్ రీస్టార్ట్ చేశాం. దీనివల్ల పరిస్థితి ఇంకా చెడింది, తిరుగుతున్న స్క్రీన్లు ఎర్రర్ చూపించాయి.
7:27 అసలు అడ్డు తొలగించాం. ఆగిపోయిన పాత సేవ్‌లు కూడా అప్పుడే నమోదయ్యాయి, అదనపు ఆర్డర్లు వచ్చింది అందువల్లే.
7:38 14 సెంటర్లూ పనిచేస్తున్నట్టు నిర్ధారణ.
10:40 రాజమండ్రి ఇన్‌ఛార్జ్ అదనపు ఆర్డర్లు గుర్తించి చెప్పారు. ఇది మేం గుర్తించాల్సింది.
1:15 మ. 43 ఆర్డర్లు రద్దు.

ఇప్పటికే చేసినవి: ఇలాంటి మార్పు ఏదైనా 3 సెకన్లలో దారి దొరక్కపోతే తనంతట తనే ఆగి వెనక్కి వెళ్తుంది. అదే పరిస్థితిని టెస్ట్ సర్వర్‌లో కల్పించి, నిజంగా ఆగుతోందని చూశాం. మా సిబ్బంది సెషన్ ఏదైనా పని ముగించకుండా 5 నిమిషాలు ఊరికే తెరిచి ఉంటే దానంతట అదే మూసుకుంటుంది. మార్పులు ఇక రాత్రి 10:30 తర్వాత, సెంటర్లన్నీ మూసాకే. సపోర్ట్ లైన్ రేపటి నుంచి ఉదయం 5:45కి మొదలవుతుంది.

చేయాల్సినవి: ఉదయం 5:45 నుంచి ప్రతి 2 నిమిషాలకి ఒక నమూనా రిజిస్ట్రేషన్ చేసి చూసే అలారం, వచ్చే బుధవారానికి. అది వరసగా రెండుసార్లు విఫలమైతే ఇంజినీర్‌కి ఫోన్ మోగుతుంది. సేవ్ ఎన్నిసార్లు నొక్కినా ఒకే ఆర్డర్ పడేలా మార్పు, మూడు వారాల్లో. అది వచ్చేదాకా సిస్టం ఆగితే అదనపు ఆర్డర్లు పడే అవకాశం ఉంది. అలాంటి రోజున మేమే వెతికి మీకు చెబుతాం.

ఈ చర్యలు ఇదే కారణంతో ఇంతసేపు ఆగకుండా చూస్తాయి. డేటాబేస్ సర్వరే పాడైతే వీటివల్ల ప్రయోజనం లేదు. దానికి రెండో సర్వర్ కావాలి, ఆ ఖర్చు వివరాలు విడిగా పంపుతాం, ఈ ఘటనతో కలపడం లేదు.

మన ఒప్పందం ప్రకారం నెలకి 99.9 శాతం, అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలకి మించి ఆగకూడదు. 67 నిమిషాలు ఆగింది. ఒప్పందంలో ఉన్నట్టు ఈ నెల బిల్లులో 10 శాతం తగ్గించాం.

దీని మీద మీరు ఎప్పుడు మాట్లాడాలన్నా నేను సిద్ధంగా ఉంటాను.

మెయిల్ ఇంతే. రాసేటప్పుడు ఆఫీసులో రెండు విషయాల మీద వాదన జరిగింది. మొదటిది 7:14 లైను. మనం చేసిన పనివల్ల ఇంకా చెడిందని మనమే రాయాలా అని మా మేనేజర్ గారు అడిగారు. నేను రాయాలన్నాను. 7:14 తర్వాత స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చిందని 14 సెంటర్లలో చూశారు, దానికి కారణం లేకుండా టైంలైన్ పెడితే అక్కడ ఒక ఖాళీ కనిపిస్తుంది. రెండోది బిల్లు తగ్గింపు. వాళ్లు అడగలేదు కదా అన్నది ప్రశ్న. ఒప్పందంలో ఉన్నదాన్ని అడిగితేనే ఇస్తే, పైన రాసిన క్షమాపణ కూడా అలాంటిదే అనుకుంటారు. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

సాంకేతికంగా మేం చేసింది కొద్దిగా. మార్పుల స్క్రిప్టు ఇప్పుడు ఇలా మొదలవుతుంది:

```sql
SET lock_timeout = '3s';
ALTER TABLE test_orders
  ADD COLUMN home_visit boolean DEFAULT false;
```

మనుషులు వాడే లాగిన్‌కి ఇది:

```sql
ALTER ROLE support_ro
  SET idle_in_transaction_session_timeout = '5min';
```

ఈ రెండింటికీ పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ 0, అంటే గడువే లేదు. పెట్టకపోతే ఎంతసేపైనా ఆగుతాయి. `lock_timeout` వల్ల కూడా ఇబ్బంది పూర్తిగా పోదు. ఆ 3 సెకన్లూ వెనక వచ్చినవాళ్లు ఆగాల్సిందే. అందుకే విఫలమైతే వెంటనే మళ్లీ ప్రయత్నించకుండా 30 సెకన్లు ఆగి, ఐదుసార్లకి మించకుండా పెట్టాం. కొత్త లాగిన్‌కే ఆ రోల్ సెట్టింగ్ వర్తిస్తుంది, అప్పటికే తెరిచి ఉన్న సెషన్లకి వర్తించదు. ఆ రోజు అన్నిటినీ ఒకసారి మూయించాం.

మెయిల్ అందిన మర్నాడు మేడం గారు ఫోన్ చేశారు. ఆవిడ అడిగింది ఒకటే. "మూడు వారాలన్నారు కదండీ, ఈలోగా స్క్రీన్ తిరిగితే మా పిల్లలు సేవ్ మళ్లీ నొక్కాలా, వద్దా?" మెయిల్‌లో అది రాయనే లేదు. అదనపు ఆర్డర్లు పడతాయని చెప్పాను గానీ, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఏం చేయాలో చెప్పలేదు. ఆ పూటే ఒక పేజీ కాగితం తయారుచేసి పంపాం. 30 సెకన్లు దాటి స్క్రీన్ తిరిగితే మళ్లీ నొక్కొద్దు. ట్యూబు మీద పేరు, ఫోన్ నంబర్ చివరి నాలుగంకెలు, తీసిన టైం చేత్తో రాయండి. 5:45 తర్వాత ఎప్పుడైనా ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. ఆ కాగితాన్ని సెంటర్లలో కంప్యూటర్ పక్కన గోడకి అంటించారని ఆవిడ ఫోటో పంపారు.

నమూనా రిజిస్ట్రేషన్ అలారం చెప్పిన రోజుకే వచ్చింది. సేవ్ మార్పు నాలుగు రోజులు ఆలస్యమైంది. గడువుకి రెండు రోజుల ముందే ఆ సంగతి కొత్త తేదీతో అదే మెయిల్ కింద రాశాం.

జూలైలో ఒక రాత్రి 10:41కి లాగ్‌లో ఈ లైను కనిపించింది:

```
ERROR:  canceling statement due to lock timeout
```

వాళ్ల హెడ్ ఆఫీసు నెలవారీ రిపోర్టు ఒకటి ఇంకా నడుస్తోంది, మా మార్పు ఐదుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. మర్నాడు రాత్రికి వాయిదా వేసి, ఉదయం మేడం గారికి రెండు లైన్లు రాశాను. సెంటర్లు 6 గంటలకి మామూలుగానే తెరిచారు.